రెండింటిలోనూ తప్పిన పదిమంది

ఇంతవరకూ నాకు ఎవరూ జవాబు చెప్పలేదు. అడగని చోటు లేదు. క్లాసులో అడిగాను. ఆఫీసు గదిలో అడిగాను. ఇప్పుడు మా మాస్టారికి ఫోన్లో ఒక చానల్ ఉంది, అందులో లెక్కల వీడియోలు పెడుతుంటారు. వాటి కిందా అడిగాను. ఒకసారి రెండు చేతులు జోడించిన బొమ్మ వచ్చింది. ఇంకోసారి మీ సపోర్టుకు థ్యాంక్స్ అని వచ్చింది. నేను సపోర్టు చెయ్యలేదు, ప్రశ్న అడిగాను. మళ్లీ అడిగితే నా ప్రశ్నే అక్కడ లేకుండా పోయింది.

అందుకే మొదటినుంచీ రాస్తున్నాను. చదివినవాళ్లైనా లెక్క చేసి చూడండి. పెద్ద లెక్కేం కాదు, ఏడో తరగతి పిల్లలు చేస్తారు.

మాది మాకవరపాలెం పక్కన పల్లె. కొంచెం చెరకు, కొంచెం జీడితోట. డిగ్రీ అయ్యాక బ్యాంకు క్లర్కు పరీక్షల కోసం నర్సీపట్నంలో కోచింగ్‌లో చేరాను. నాతోపాటు మా ఊరివాడే ఇంకొకడు చేరాడు. వాడూ నేనూ ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీ. ఇద్దరం ఒకే షేరాటోలో వెళ్లేవాళ్లం, ఒకే ఆటోలో తిరిగొచ్చేవాళ్లం. వాణ్ణి ఇక్కడ మావాడు అనే రాస్తాను. ఆ మాట రాయడం నాకిప్పుడు ఇష్టం లేదు, కానీ వేరే మాట దొరకలేదు.

కోచింగ్ ఒక ఎరువుల కొట్టు మేడ మీద ఉండేది. మెట్లెక్కుతుంటే పురుగుమందుల ఘాటు ముక్కుకు తగిలేది. పైన పొడవాటి హాలు, రేకుల కప్పు, గోడ నిండా ఉద్యోగాలొచ్చిన వాళ్ల ఫొటోలు. పాఠం చెప్పే మాస్టారు ఒక్కరే. ఆయన గొంతు గొప్పది, ఆ మాట ఒప్పుకోవాలి. మైకు లేకుండా ఆఖరి బెంచీకి వినబడేది. లెక్కలో వేగం కూడా అలాంటిదే. మేం పెన్ను మూత తీసేలోగా ఆయన జవాబు చెప్పేసేవారు.

ఆయన పద్ధతి ఏమిటంటే, ప్రతి షార్ట్‌కట్టునూ హాలంతటి చేతా ఒక్క గొంతుతో అనిపించడం. శాతాల పాఠమైతే "ఎ ప్లస్ బి మైనస్ ఎబి బై హండ్రెడ్!" అని మేమందరం అరిచేవాళ్లం. కింద యూరియా బస్తా భుజానికెత్తుకున్న రైతులు తలెత్తి చూసేవారు. ఒకరోజు మెట్ల దగ్గర ఒక పెద్దాయన నన్ను ఆపి, "బాబూ, పైన ఏటి, భజన పెట్టినారా?" అని అడిగాడు. అప్పుడు నవ్వాను. ఆయన సరిగ్గానే కనిపెట్టాడని తర్వాత తెలిసింది.

ఆ సూత్రం తప్పని నేను ఎన్నడూ అనలేదు. దాని చోట అది నిజమే. వంద రూపాయల చొక్కా మీద ముందు ఇరవై శాతం తగ్గించారు, ఆ వచ్చిన ధర మీద మళ్లీ ముప్పై శాతం తగ్గించారు అనుకోండి. మొదటి తగ్గింపుకి చొక్కా ఎనభైకి వస్తుంది. రెండోది వంద మీద కాదు, ఎనభై మీద. ఎనభైలో ముప్పై శాతం ఇరవై నాలుగు. మిగిలింది యాభై ఆరు. అంటే మొత్తం తగ్గింది యాభై కాదు, నలభై నాలుగు. ఆ ఆరు ఎక్కడ పోయింది? మొదటే తీసేసిన ఇరవై మీద మళ్లీ ముప్పై శాతం తీయలేం కదా. ఇరవైలో ముప్పై శాతం ఆరు. ఎబి బై హండ్రెడ్ అంటే ఆ ఆరే. ఇది అర్థమైతే సూత్రం మరిచిపోయినా మనిషి బతుకుతాడు. అర్థం కాకపోతే ఆ సూత్రాన్ని ఎక్కడ పడితే అక్కడ కొడతాడు.

నాకు మొదటి అవమానం సంఖ్యల వరుసల పాఠంలో జరిగింది. మాస్టారు బోర్డు మీద 7, 11, 19, 35, 67 అని రాసి తర్వాతది ఏమిటన్నారు. నేను లేచి నూట ముప్పై ఒకటి అన్నాను.

"ఎలా వచ్చింది?"

"తేడాలు చూశాను సార్. నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు. తర్వాత అరవై నాలుగు కలపాలి."

"ఆన్సర్ రైట్, మెథడ్ రాంగ్. డబుల్ మైనస్ త్రీ. అందరూ అనండి."

హాలంతా డబుల్ మైనస్ త్రీ అని అరిచింది. నేను కూర్చోలేదు. "రెండూ ఒకటే కదా సార్. రెట్టింపు చేసి మూడు తీస్తే, పెరిగింది ఆ సంఖ్య కంటే మూడు తక్కువ. ఏడుకి నాలుగు, పదకొండుకి ఎనిమిది, పంతొమ్మిదికి పదహారు. అందుకే తేడాలు కూడా రెట్టింపవుతున్నాయి" అన్నాను.

మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టి, "బ్యాంకు క్లర్కువి అవుతావా, పీహెచ్‌డీ చేస్తావా నాయనా?" అన్నారు. అందరూ నవ్వారు. మావాడు అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఆరోజు నుంచి హాల్లో నా పేరు పీహెచ్‌డీ. టీ కొట్టువాడు కూడా, "పీహెచ్‌డీగారికి షుగర్ తక్కువా?" అనేవాడు.

అయినా నేను మానలేదు. తిరుగు ప్రయాణంలో ఆటోలో మావాడికి లెక్కలు చెప్పేవాణ్ణి. ఇరవై ఐదులో పదహారు శాతం అంటే తడబడేవాడు. తిప్పి చూడమన్నాను: పదహారులో ఇరవై ఐదు శాతం, అంటే పావు, నాలుగు. ఎటు చూసినా పదహారు ఇంటూ ఇరవై ఐదుని వందతో భాగించడమే కాబట్టి రెండూ ఒకటే. తప్పు సంఖ్యను పట్టుకునే లెక్కలు కూడా చెప్పాను. 5, 11, 23, 47, 96, 191. ఇందులో ఒకటి తప్పు. తేడాలు ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు, ఆ తర్వాత నలభై తొమ్మిది, తొంభై ఐదు. రావలసినవి నలభై ఎనిమిది, తొంభై ఆరు. ఒకటి ఒకటెక్కువ, పక్కది ఒకటి తక్కువ.

"ఒక్కటి తప్పయితే రెండు తేడాలు సెడిపోతాయిరా. ముందుదీ ఎనకదీ. ఆ రెంటికీ మధ్యనున్నదే దొంగ. తొంభై ఆరు కాదు, తొంభై ఐదు ఉండాల."

"నీ బుర్రకి దండంరా బాబూ" అన్నాడు మావాడు. ఆ మాట గుర్తుంచుకున్నాను. ఎందుకో చెప్తాను.

కొన్నాళ్లకి మాస్టారు ఒక ప్రకటన చేశారు. విశాఖపట్నంలో ఆయనకు ఇంకో శాఖ ఉంది. అక్కడ ఉండి చదువుకునే బ్యాచ్‌లో నర్సీపట్నం పిల్లలకు ఐదు ఉచిత సీట్లు. భోజనం, పడక, పుస్తకాలు, రోజూ పరీక్ష. ఆదివారం పెట్టబోయే గ్రాండ్ టెస్టులో మొదటి ఐదుగురికి ఆ సీట్లు. తప్పు జవాబుకి పావు మార్కు కోత.

నాకు ఆ సీటు ఎంత అవసరమో మావాడికి తెలుసు. నాన్నకి నడుం పట్టేసింది. సీటు వస్తే వెళ్లు, రాకపోతే చెరకు దగ్గరికి వచ్చెయ్యి అని చెప్పేశాడు. ఇంట్లో కూర్చుని చదువుకునే వీలు మాకు లేదు. వాళ్లకి ఊర్లో కిరాణా కొట్టుంది. సీటు రాకపోయినా వాడు చదువుకోగలడు.

ఆదివారం పరీక్ష రాశాం. పేపరు మాస్టారే తయారుచేశారు. వరుసల్లో తప్పు సంఖ్యను పట్టే ప్రశ్న ఒకటి వచ్చింది. బయటికి రాగానే మావాడు, "నువ్వు సెప్పినట్టే సేసినానురా, రెండు తేడాల మధ్యది" అని నా వీపు తట్టాడు. ఆ మార్కు నాది. ఆ మాటా నాకు గుర్తుంది.

సోమవారం హాల్లో జవాబులు చెప్పారు. ఒక ప్రశ్న దగ్గర నా పెన్ను ఆగిపోయింది. ప్రశ్న ఇది. ఒక పరీక్షలో ఇరవై శాతం మంది లెక్కల్లో తప్పారు. ముప్పై శాతం మంది ఇంగ్లీషులో తప్పారు. పది శాతం మంది రెండింటిలోనూ తప్పారు. రెండింటిలోనూ పాసైనవారు ఎంత శాతం?

నేను అరవై అని పెట్టాను. మొత్తం వందమంది అనుకుంటే, ఇరవై, ముప్పై కలిపి యాభై. రెండింటిలోనూ తప్పిన పదిమందిని రెండుసార్లు లెక్కపెట్టాం కాబట్టి ఒకసారి తీసెయ్యాలి. తప్పినవాళ్లు నలభై, పాసైనవాళ్లు అరవై.

మాస్టారు మాత్రం, "ఎ ప్లస్ బి మైనస్ ఎబి బై హండ్రెడ్. ట్వంటీ ప్లస్ థర్టీ మైనస్ సిక్స్, ఫార్టీ ఫోర్. హండ్రెడ్‌లోంచి తీస్తే ఫిఫ్టీ సిక్స్. ఆప్షన్ సి" అన్నారు.

నేను లేచాను. "సార్, ఆ పదిమంది సంగతి?"

"ఏ పదిమంది?"

"రెండింటిలోనూ తప్పారని ప్రశ్నలోనే ఇచ్చారు కదా సార్."

"అది ఎక్స్‌ట్రా డేటా. మిమ్మల్ని కన్‌ఫ్యూజ్ చెయ్యడానికి ఇస్తారు. ఎన్నిసార్లు చెప్పాను?"

చెప్పిన మాట నిజమే. పరీక్షల్లో అక్కరలేని అంకెలు ఇస్తారని, వాటిని పట్టించుకోవద్దని ఆయన ఎప్పుడూ చెప్పేవారు. కానీ ఇక్కడ అక్కరలేనిది ఆయన సూత్రం. అక్కరకొచ్చేదల్లా ఆ పదే. ఆరు ఎప్పుడు వస్తుంది? లెక్కల్లో తప్పడానికీ ఇంగ్లీషులో తప్పడానికీ సంబంధం లేకపోతే, లెక్కల్లో తప్పిన ఇరవై మందిలోనూ ముప్పై శాతమే ఇంగ్లీషులో తప్పుతారు. అంటే ఆరుగురు. కానీ ఊహించాల్సిన పని లేదు, పదిమంది అని ప్రశ్నే చెప్పేసింది. ఇదంతా చెప్పాలని, "ఒక్క నిమిషం బోర్డు దగ్గరికి రానా సార్?" అన్నాను.

మాస్టారు గడియారం చూసుకుని హాలు వైపు తిరిగారు. "సరే. ఫిఫ్టీ సిక్స్ అనేవాళ్లు చేతులెత్తండి."

లెక్కల పాఠంలో పేచీ వస్తే తీర్చడానికి ఆయనకున్న పద్ధతి అదే. చేతులు లేచాయి. ముందు బెంచీలో లేచాయి, వాళ్లను చూసి వెనకాల లేచాయి. అరవై పెట్టిన వాళ్లు ఇంకా కొందరు ఉన్నారని నాకు తెలుసు. వాళ్లూ అటూ ఇటూ చూసి ఎత్తారు. నా పక్కన మావాడి చెయ్యి లేచింది. మోచెయ్యి నా భుజానికి తగిలింది.

"చూశావా పీహెచ్‌డీ? మెజారిటీ. కూర్చో. నీకు అంత సరదాగా ఉంటే మీ ఊర్లో ట్యూషన్ పెట్టుకో."

మళ్లీ నవ్వులు. నేను కూర్చున్నాను. అలా కూర్చోవడం నేను చేసిన పనుల్లో అన్నిటికంటే చెడ్డదని ఇప్పటికీ అనిపిస్తుంది.

సాయంత్రం ఆటోలో డ్రైవరు పక్క సీటులో ఇరుక్కుని కూర్చున్నాం. నేనే అడిగాను.

"నిజం సెప్పు. నీకు అరవై అని తెలుసా, తెలీదా?"

"పరీక్షలో తెలీలేదురా. యాభై ఆరే పెట్టినాను, ఆ సూత్రం పాట పాడుకుని. నువ్వు లేసి పదిమంది అన్నాక తెలిసింది."

"మరి సెయ్యెందుకు ఎత్తినావు?"

"అందరూ ఎత్తినారు కదా. నానొక్కడినీ సెయ్యి దించుకుని కూకుంటే బాగుంటాదేటి?"

"నానొక్కడినీ నిలబడ్డాను."

"నీకేటిరా, నువ్వు పీహెచ్‌డీవి" అని నవ్వబోయాడు. డ్రైవరు మధ్యలో, "ఏటి బాబూ, ఎలచ్చనా?" అన్నాడు.

బుధవారం మెట్ల దగ్గర పేర్లు అంటించారు. ఐదోపేరు మావాడిది. ఆరోపేరు నాది. తేడా ఒక్క మార్కు. అక్కడే నిలబడి లెక్క కట్టాను. ఆ ఒక్క ప్రశ్నకి వాడికి ఒక మార్కు వచ్చింది, నాకు పావు పోయింది. జవాబు సరిచేస్తే నాకు ఒకటింపావు పెరుగుతుంది, వాడికి ఒకటింపావు తగ్గుతుంది. అంటే రెండున్నర మారుతుంది. అప్పుడు వాడి కంటే నేను మార్కున్నర ముందు. ఆటోలో నేను వాడికి చెప్పిన పాఠమే ఇది. ఒక్కటి తప్పయితే దానికి ముందున్నదీ వెనకున్నదీ రెండూ చెడతాయి.

నేరుగా ఆఫీసు గదికి వెళ్లాను. మాస్టారు టిఫిన్ తింటున్నారు. ఒక తెల్లకాగితం మీద రెండు గుండ్రాలు ఒకదాన్నొకటి కోసుకునేలా గీసి, మధ్య ముక్కలో పది, ఎడమ పది, కుడి ఇరవై, బయట అరవై అని వేసి ఆయన ముందు పెట్టాను.

"మొత్తం వంద వస్తుంది సార్. యాభై ఆరు పెడితే ఎక్కడ ఎంత వెయ్యాలో మీరే చెప్పండి."

ఆయన చేతికి చట్నీ ఉంది. కాగితం ముట్టుకోలేదు. కాసేపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. లెక్క అర్థమైన మనిషి చూపు అది. తర్వాత, "లిస్టు అంటించేశాం కదయ్యా" అన్నారు.

"అయితే సార్?"

"సరే, చూద్దాం. వెళ్లు."

ఆ చూద్దాం ఇంకా అక్కడే ఉంది.

ఇంటికెళ్లి చెప్తే నాన్న మంచం మీద నుంచి లేవకుండానే, "నీదే రైటయితే సీటు వాడికెందుకొచ్చింది?" అన్నాడు. సమాధానం చెప్పడానికి గుండ్రాలు గీశాను. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయనకు ఆ లెక్క రాదు. వచ్చినవాళ్ల మీదే నా కోపం.

మావాడు విశాఖ వెళ్లాడు. బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. కోచింగ్ హాలు గోడ మీద వాడి ఫొటో ఎక్కింది. నేను చెరకు తోలకాల మధ్య చదువుకుంటూ పరీక్షలు రాశాను. ఒకదాంట్లో చివరిదాకా వెళ్లి పోయింది. ఆ తర్వాత వయసు దాటిపోయింది. విశాఖ వెళ్లుంటే నేను నెగ్గేవాణ్ణని ఎవరూ రాసివ్వలేరు, నాకూ తెలుసు. కానీ ఆ సీటు నాది. దాంట్లో మాత్రం అనుమానం లేదు.

వాడు ఊరికి వచ్చినప్పుడల్లా పలకరిస్తాడు. పోయిన నెల చెరకు రసం బండి దగ్గర కనబడి, "ఒరే, ఇంకా దాన్నే పట్టుకుని ఉన్నావేటిరా? బేగి మరిసిపో. ఆరోగ్యం పాడైపోద్ది" అన్నాడు.

"మాస్టారికి ఫోన్ సేసి, ఆరోజు జవాబు అరవై అని సెప్పు. మరిసిపోతాను."

"ఇప్పుడా? ఇప్పుడేటి లాభం?"

"నీకేటి నష్టం?"

వాడు రసం గ్లాసు ఖాళీ చేసి నాకు కూడా డబ్బులిచ్చేశాడు. వద్దన్నా వినలేదు. అది కూడా గుర్తుంచుకున్నాను.

మాస్టారు ఆరోజు వేళాకోళంగా అన్న మాటే నా బతుకైంది. మా ఇంటి వాకిట్లో ట్యూషన్ చెబుతున్నాను. పిల్లలు ఎక్కువమంది లేరు. అయితే ఈమధ్య వాళ్లు మాస్టారి వీడియోలు చూసి వస్తున్నారు. పోయిన ఆదివారం ఒక పిల్ల ఫోన్ తెచ్చి, "సార్, ఇది సూడండి, మూడు సెకన్లలో సేసేసినారు" అని చూపించింది. అదే ప్రశ్న. ఇరవై, ముప్పై, పది. అదే గొంతు. అదే యాభై ఆరు. కింద చప్పట్ల బొమ్మలు బారులు తీరి ఉన్నాయి. ఇన్నేళ్లయినా ఆ పది ఆయనకు ఎక్స్‌ట్రా డేటాగానే ఉంది.

పదిమంది పిల్లల్ని లేపి వరుసగా నిలబెట్టాను. ఒక్కొక్కరు పది శాతం అనుకోండి అన్నాను. లెక్కల్లో తప్పినవాళ్లు ఎడమ చెయ్యి ఎత్తాలి. ఇద్దరు ఎత్తారు. ఇంగ్లీషులో తప్పినవాళ్లు కుడి చెయ్యి ఎత్తాలి. ముగ్గురు ఎత్తారు. రెండింటిలోనూ తప్పినది ఫోన్ తెచ్చిన పిల్లే కావాలన్నాను. అది రెండు చేతులూ పైకెత్తి నిలబడింది.

"సార్, అయితే నాను రెండుసార్లు ఫెయిలయినట్టా, ఒకసారా?"

"ఒకసారేనమ్మా. నీవి రెండు సేతులు, మనిషివి ఒక్కదానివి. ఇప్పుడు సేతులు కాదు, మనుషుల్ని లెక్కపెట్టండి."

చేతులు ఐదు. మనుషులు నలుగురు. చెయ్యి ఎత్తని వాళ్లు ఆరుగురు. అరవై శాతం. పిల్లలందరికీ అర్థమైంది. ఆ పిల్ల మాత్రం చేతులు దించకుండా, "మరి ఆ సార్ నన్ను ఎక్కడ నిలబెట్టినారు సార్?" అని అడిగింది.

ఆ జవాబు చెప్పవలసింది నేను కాదు. అందుకే ఇంత రాశాను. మాస్టారూ, నా సీటు సంగతి పక్కన పెట్టండి, అది మీరు తిరిగి ఇవ్వలేరు. మీకు రెండు చేతులు జోడించే బొమ్మ పెట్టడం వచ్చు, చూద్దాం అనడం వచ్చు, హాలంతటి చేతా చేతులెత్తించడం వచ్చు. మా వాకిట్లో ఒక పిల్ల రెండు చేతులూ ఎత్తి నిలబడి ఉంది. మీ యాభై ఆరులో ఉందా, నలభై నాలుగులో ఉందా, అసలు మీ లెక్కలో ఉందా? మూడు సెకన్లు అక్కర్లేదు, మీకు కావలసినంత టైము తీసుకోండి. కానీ ఈసారి జవాబు చెప్పండి.